గృహప్రవేశం నాటికి ఇల్లు పూర్తికాదని యజమానికి ఎదురుగా చెప్పడం ఎలా?

సొంత ఇల్లు కట్టించుకుంటున్న కుటుంబానికి పని ఆలస్యమవుతోందని చెప్పడం, మరే గిరాకీకైనా ఆలస్యం గురించి చెప్పడం కంటే కష్టం. ఎందుకంటే ఇక్కడ తేదీని నిర్ణయించింది మీరు కాదు, పంచాంగం. ఆ తేదీ చుట్టూ శుభలేఖలు, విమాన టికెట్లు, వంటవాళ్ల బయానా, అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఇచ్చిన మాట అన్నీ ముడిపడి ఉంటాయి. చిన్న కాంట్రాక్టర్లకు, సైటు ఇంజనీర్లకు, ఇంటీరియర్ పని చేయించేవాళ్లకు ఉపయోగపడేలా ఈ మాటను నోటితో ఎలా చెప్పాలో ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిస్తూ వివరిస్తున్నాను.

ఉదాహరణ ఇది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య పట్టణ శివార్లలో రెండంతస్తుల ఇల్లు కట్టించుకుంటున్నారు. గృహప్రవేశ ముహూర్తం మార్చి 8. అమెరికాలో ఉన్న కొడుకు ఆ తేదీకి వచ్చేలా టికెట్లు కొనుక్కున్నాడు. కింది అంతస్తు పని దాదాపు చివరికి వచ్చింది. పై అంతస్తులో లోపలి గోడల ప్లాస్టరింగ్ ఇంకా మొదలుకాలేదు. సంక్రాంతికి ఊరు వెళ్లిన తాపీ ముఠా తిరిగొచ్చే దారిలో మరో పనికి కుదురుకుంది. ఫిబ్రవరి 2 దాకా రాలేమని మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. ఈ రోజు జనవరి 27. ముహూర్తానికి నలభై రోజులుంది. కాంట్రాక్టరు మీరే.

మొదట లెక్క తేల్చుకోండి

యజమాని దగ్గరకు వెళ్లే ముందు ఒక పూట కాగితం ముందు కూర్చోండి. ఆలస్యం గురించి చెప్పే మాట చాలాసార్లు దెబ్బతినేది గొంతులోని తడబాటు వల్ల కాదు, కొత్త తేదీ ఏమిటో మనకే తెలియకపోవడం వల్ల. "ఎప్పటికవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు లేకుండా వెళితే ఆలస్యం గురించి ఒకసారి, తేదీ గురించి మరోసారి, ఒకే మనిషిని రెండుసార్లు బాధపెట్టవలసి వస్తుంది.

పై అంతస్తు లెక్క చూద్దాం. ముఠా ఫిబ్రవరి 2న దిగితే, ప్లాస్టరింగ్ పది రోజులు పట్టి 11వ తేదీకి ముగుస్తుంది. ఆ తర్వాత వారం రోజులు గోడలను తడుపుతూ ఉండాలి. అంటే 18వ తేదీ వస్తుంది. తడపడం ఆపాక గోడ లోపలి దాకా ఆరడానికి మూడు వారాలైనా ఇవ్వాలి కనుక మార్చి 11కు చేరతాం. ముహూర్తం అప్పటికే దాటిపోయింది. ఆ తర్వాత లప్పం, ప్రైమర్‌కు ఎనిమిది రోజులు, రంగులు, స్విచ్ బోర్డులు, బాత్‌రూమ్ బిగింపులకు పన్నెండు రోజులు, మరమ్మతులు, శుభ్రం చేయడానికి నాలుగు రోజులు. అంతా సాఫీగా సాగితే ఏప్రిల్ 4. నేల టైల్స్ పని గోడలు ఆరే రోజుల్లోనే జరిగిపోతుంది కనుక దానికి విడిగా రోజులు కలపనవసరం లేదు.

ఇక్కడ ఆగి ఒక పని చేయండి. మీరు ఇంతకు ముందు కట్టిన మూడు నాలుగు ఇళ్లలో ప్లాస్టరింగ్ మొదలైన రోజు నుంచి తాళాలు ఇచ్చిన రోజు దాకా నిజంగా ఎన్నాళ్లు పట్టిందో పాత పుస్తకంలో చూడండి. పని ఎన్నాళ్లు పడుతుందని అడిగితే మనుషులు తమ పాత అనుభవాన్ని పక్కన పెట్టి, అంతా అనుకున్నట్టే జరుగుతుందన్న లెక్క చెబుతారని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. దాన్నే ప్లానింగ్ ఫాలసీ అంటారు. మన పనిలో అది నిత్యం కనిపించేదే. మధ్యలో ఉగాది వస్తుంది, పెయింటరు రెండు రోజులు మానేస్తాడు, ఒక కిటికీ అద్దం పగులుతుంది. పాత ఇళ్ల లెక్క చూసి పదకొండు రోజులు కలిపితే ఏప్రిల్ 15 తేలుతుంది. యజమానికి చెప్పవలసిన తేదీ అదే. ఏప్రిల్ 4 అనే మాట నోటి నుంచి రానివ్వకండి. "బాగా జరిగితే నాలుగు, లేకపోతే పదిహేను" అని చెబితే వినేవాళ్ల చెవికి నాలుగే చేరుతుంది, పదిహేను చేరదు.

మీ చేతిలో ఏముందో కూడా ముందే నిర్ణయించుకోండి. వాళ్లు మార్చి నెలాఖరుకు అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని అక్కడి యజమానికి చెప్పి ఉన్నారు. మీ ఆలస్యం వల్ల ఏప్రిల్ అద్దె అదనంగా పడుతుంది. ఆ పద్నాలుగు వేలు మీరు భరించగలరా, లేదా? భరించేటట్లయితే ఆ మాట మీరే ముందుగా అనండి. వాళ్లు అడిగాక ఒప్పుకుంటే అది బేరంలా కనిపిస్తుంది. ఒప్పంద పత్రంలో ఆలస్యానికి సంబంధించిన షరతు ఉంటే దాన్నీ మళ్లీ చదువుకుని వెళ్లండి. ఒప్పందంలో ఉన్న పరిహారాన్ని మీ ఔదార్యంగా చెప్పుకోవడం మాత్రం మంచిది కాదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి

తెలిసిన రోజే, లేదా మర్నాడు చెప్పాలి. నలభై రోజుల ముందు చెబితే శుభలేఖలు ఆపుకోవచ్చు, టికెట్లు మార్చుకోవచ్చు. వారం ముందు చెబితే ఆ రెండూ కుదరవు. ఆలస్యం అదే అయినా కుటుంబానికి జరిగే నష్టం మాత్రం మీరు చెప్పే రోజును బట్టి పెరుగుతూ పోతుంది. "ముఠా వచ్చాక చూసి చెబుదాం" అనిపిస్తుంది. కానీ ముఠా వచ్చినా గోడ ఆరే రోజులు తగ్గవు కదా.

వాట్సాప్‌లో రాసి పంపి చేతులు దులుపుకోకండి. ఇంత మాట చదివిన మనిషికి వెంటనే పది ప్రశ్నలు పుడతాయి. వాటికి జవాబు వచ్చేలోగా ఆయన బంధువులకు, కొడుక్కు, మరో మేస్త్రీకి ఫోన్ చేసి ఉంటారు. ఫోన్‌లో చెప్పక తప్పనప్పుడు కూడా ముందు ఒక మాట అడగండి: "మాస్టారూ, ఇంటి పని గురించి ముఖ్యమైన విషయం మాట్లాడాలి. పావుగంట తీరికగా కూర్చోగలరా, అమ్మగారు కూడా పక్కన ఉంటే మంచిది." వీలున్నంత వరకు వాళ్లుండే ఇంటికే వెళ్లండి. సైటులో పనివాళ్ల ముందు ఈ మాట ఎత్తితే ఆయన కోపం పనివాళ్ల మీదికి మళ్లుతుంది, లేదా పనివాళ్ల ముందు మాట పడకూడదని మీరు గొంతు పెంచుతారు.

భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడే చెప్పాలని నేను గట్టిగా అంటాను. ఒక్కరికే చెబితే ఆ కబురును రెండో వాళ్లకు మోసుకెళ్లే బరువు వాళ్ల మీద పడుతుంది. మీరు చెప్పిన కారణం అక్కడికి చేరేసరికి సగం మారిపోతుంది. ముహూర్తం, చుట్టాల పిలుపులు, వంటలు చూసుకునేది చాలా ఇళ్లలో ఆవిడే కనుక అసలు ప్రశ్నలు అడిగేదీ ఆవిడే.

ఇంకో మాట. ఆ రోజు విడత డబ్బు అడగకండి. బిల్లు ఇవ్వవలసి ఉన్నా నాలుగు రోజులు ఆపండి. ఆలస్యం, డబ్బు ఒకే నోట వస్తే మొదటిది రెండోదానికి ఎత్తుగడలా వినిపిస్తుంది.

మొదటి మూడు వాక్యాలు

కూర్చోగానే కాఫీ వస్తుంది, కుశల ప్రశ్నలు నడుస్తాయి. మర్యాదకు సరిపడినంత మాట్లాడి, విషయానికి రండి. ఊరు, వానలు, సిమెంటు ధరల చుట్టూ తిరిగితే ఎదుటి మనిషికి ఏదో కీడు శంకించి గుండె దడ మొదలవుతుంది. చెప్పవలసింది మూడు వాక్యాల్లో చెప్పండి:

"మాస్టారూ, అమ్మగారూ, మీకు కష్టం కలిగించే మాట చెప్పడానికి వచ్చాను. మార్చి 8 నాటికి ఇల్లు మొత్తం పూర్తికాదు. కింది అంతస్తు సిద్ధమవుతుంది, పై అంతస్తు మాత్రం ఏప్రిల్ 15 వరకు పడుతుంది."

ఇందులో ఏది అవుతుందో, ఏది కాదో, ఎప్పటికో ఉన్నాయి. కారణం లేదు. కారణంతో మొదలుపెడితే అసలు విషయం వచ్చేలోపు వాళ్లు కారణంతో వాదనకు దిగుతారు. "సంక్రాంతికి వెళ్లిన ముఠా..." అని మీరు అనగానే "అయితే వేరేవాళ్లను పెట్టు" అంటారు, ఆపైన మాట దారి తప్పుతుంది.

మన పనిలో బాగా అలవాటైన కొన్ని మాటలు ఈ సమయంలో నాలుక చివరికి వస్తాయి. "కొంచెం అటూ ఇటూ అవుతుంది సార్", "చిన్న ఇబ్బంది వచ్చింది", "చూద్దాం, ప్రయత్నిస్తాం." వీటన్నిటికంటే ప్రమాదకరమైనది "అయిపోతుంది సార్". ఆ మాటకు కాంట్రాక్టరు మనసులో "ఎప్పటికో అప్పటికి" అనే అర్థం ఉంటుంది, వినేవాళ్ల మనసులో "ముహూర్తానికి" అనే అర్థం ఉంటుంది. ఇలాంటి మాట ఒక్కటి దొర్లినా, మీరు ముందు చెప్పిన తేదీ కొట్టుకుపోతుంది.

మూడో వాక్యం తర్వాత ఆగండి. ఈ నిశ్శబ్దం ఓర్చుకోవడం కష్టమే. దాన్ని నింపాలన్న తొందరలోనే చాలామంది చేయలేని వాగ్దానాలు చేస్తారు: "రాత్రిళ్లు కూడా పని చేయిస్తాను", "ఇరవై మందిని దింపుతాను" అని. వాళ్లే ముందు మాట్లాడనివ్వండి.

వాళ్ల నష్టాన్ని పేరు పెట్టి చెప్పండి

"మీ బాధ నాకు అర్థమైంది" అనే మాట ఎవరికైనా చెప్పొచ్చు, అందుకే అది ఎవరికీ తాకదు. ఈ కుటుంబానికి ఏం పోతోందో మీకు తెలుసు కాబట్టి అదే చెప్పండి: "అబ్బాయి సెలవు దొరికించుకుని ఈ తేదీకే టికెట్లు కొన్నాడని తెలుసు. కార్డులు కూడా అచ్చుకిచ్చారేమో. అద్దె ఇంటివాళ్లకు మార్చి ఆఖరని చెప్పారు. ఇవన్నీ నా మాట మీదే పెట్టుకున్నారు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. వాళ్లు ముందుచూపు లేక ఇరుక్కోలేదు, మిమ్మల్ని నమ్మి ఏర్పాట్లు చేసుకున్నారు. ఆ సంగతి మీ నోటి నుంచి రావడం వల్ల, తామే తప్పు చేశామేమో అన్న చిన్నతనం వాళ్లకు ఉండదు.

మాస్టారు కోప్పడవచ్చు. "ఏమయ్యా, ఏడాది నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను కదా, పండక్కి ముందే పై గోడలు కానిచ్చేయమని!" అంటారు. "కోప్పడకండి" అనకండి. ఆయన మాటలో నిజమున్నంత మేరకు ఒప్పుకోండి: "నిజమే మాస్టారూ, మీరు చెప్పారు." ఆ పైన ఆయనే తర్వాతి ప్రశ్న అడుగుతారు. అమ్మగారు ఒక్క మాటా మాట్లాడకపోతే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. "అమ్మగారూ, మీకు అన్నిటికంటే ఇబ్బంది ఎక్కడ వస్తుంది?" అని నేరుగా అడగండి. మీకు తెలియని అసలు చిక్కు అప్పుడే బయటపడుతుంది. ఇక్కడ ఆవిడ అన్నది: "పుట్టింటివాళ్లందరికీ ఫోన్‌లో చెప్పేశాను బాబూ. ఇప్పుడు ముహూర్తం మార్చామంటే అపశకునం అనుకుంటారు." ఇళ్ల పనిలో ఉన్నవాళ్లు ఇటువంటి మాటను కొట్టిపారేయకూడదు. ఆమెకు ఇంటి రంగు కంటే తేదీ నిలబడడం ముఖ్యమని ఆ ఒక్క మాట వల్ల తెలిసింది. ఏ దారి సూచించాలో కూడా దాంతోనే తేలుతుంది.

కారణం: పొట్టిగా, నిజంగా

వాళ్లు అడిగినప్పుడు రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. "తాపీ ముఠా పండగ తర్వాత పన్నెండు రోజులు ఆలస్యంగా వస్తోంది. ఏటా సంక్రాంతికి ఇలా జరిగే వీలుందని తెలిసీ నేను పని పట్టికలో ఆ రోజులు విడిచిపెట్టలేదు. అది నా ఏర్పాటులోని లోపం." ముఠా రాకపోవడం నిజమే. కానీ యజమాని ఒప్పందం ముఠాతో కాదు, మీతో. మేస్త్రీని తిట్టి చూపిస్తే "ఇతని చేతిలో ఏమీ లేదు" అన్న భయమే మిగులుతుంది.

నిజాయితీ రెండు వైపులా ఉండాలి. పై అంతస్తు టైల్స్ వాళ్లు ఇంకా ఎంచుకోలేదు. అది కూడా తేదీని ప్రభావితం చేస్తుంది. అయితే ఈ ఆలస్యానికి కారణం అది కాదు కనుక దాన్ని డాలుగా అడ్డం పెట్టుకోకూడదు. దాచిపెట్టనూ కూడదు. దాని చోటు కారణాల్లో కాదు, తర్వాతి పనుల్లో: "ఫిబ్రవరి 10 లోపు మీరు పై టైల్స్ ఖాయం చేస్తే ఏప్రిల్ 15 నిలుస్తుంది. ఆ తేదీ దాటితే దాటినన్ని రోజులు వెనక్కి జరుగుతుంది."

ఆ తర్వాత దాదాపు ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటుంది: "రెండు ముఠాలను పెట్టి తొందరగా లాగలేవా?" దీనికి పని తెలిసినవాడిలా జవాబు చెప్పండి. "రెండు ముఠాలు పెడితే పది రోజుల ప్లాస్టరింగ్ ఆరు రోజుల్లో అవుతుంది. నాలుగు రోజులు మిగులుతాయి. కానీ గోడ తడపాల్సిన వారం, ఆరాల్సిన మూడు వారాలు ఎంతమందిని పెట్టినా తగ్గవు. తడి గోడ మీద లప్పం పెడితే లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి లేక పొరలు ఉబ్బుతాయి, తెల్లని ఉప్పు పూస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. ముహూర్తానికి అందంగా కనిపిస్తుంది గానీ వానాకాలానికి మళ్లీ గోకించాల్సి వస్తుంది." మనుషులను పెంచితే తగ్గే రోజులేవో, తగ్గని రోజులేవో ఇలా విడదీసి చెబితే, మీరు సాకులు చెబుతున్నారన్న అనుమానం ఎక్కువ సేపు నిలవదు. శ్లాబు దశలో ఆలస్యమైనా జవాబు ఈ తీరులోనే ఉంటుంది. సాధారణ సిమెంటుతో పోసిన శ్లాబు పరపు 4.5 మీటర్ల లోపు ఉంటే కింది ఆధారాలను కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456:2000 ప్రమాణం చెబుతోంది. ఆ రోజులు బేరానికి లొంగవు.

దారులు చూపండి, ఎంపిక వాళ్లకు వదలండి

రెండు దారులు చాలు. ఐదు చెబితే నిర్ణయించే భారమంతా వాళ్ల నెత్తిన వేసినట్టవుతుంది.

మొదటి దారి, ముహూర్తాన్ని అలాగే ఉంచి కింది అంతస్తులో గృహప్రవేశం చేసుకోవడం. తలుపులు బిగించని, కప్పు వేయని ఇంట్లో ప్రవేశం చేయకూడదని పురోహితులు చెబుతారు. ఈ ఇంటికి ఆ ఇబ్బంది లేదు. అయినా ఆ రోజుకు కావలసినవి ఒక్కొక్కటిగా పేరు పెట్టి మాట ఇవ్వండి: సింహద్వారం పాలిష్‌తో సహా సిద్ధంగా ఉంటుంది, వంటింట్లో గట్టు, నీళ్ల పంపు పనిచేస్తాయి కనుక పాలు పొంగించుకోవచ్చు, పూజగది టైల్స్ పూర్తవుతాయి, హాల్లో హోమం చేసుకునే చోట నేల శుభ్రంగా ఉంటుంది, ఒక బాత్‌రూమ్ పూర్తిగా వాడుకోవచ్చు, మోటారు, శాశ్వత కరెంటు కనెక్షన్ ఉంటాయి. ఇవన్నీ మార్చి 3 నాటికి. పై మెట్ల దగ్గర ఆ రోజు తాత్కాలికంగా చెక్క అడ్డు బిగిస్తామని కూడా చెప్పండి. రెయిలింగ్ లేని మెట్ల మీదికి చుట్టాల పిల్లలు పరిగెత్తడం నేను చూశాను, ఆ భయం తల్లిదండ్రులకు మీకంటే ముందే వస్తుంది.

ఈ దారిలో ఉన్న లోటునూ అప్పుడే చెప్పాలి. ఆ రాత్రి అక్కడ నిద్ర చేయవచ్చు గానీ కాపురం మార్చడానికి ఏప్రిల్ 15 దాకా ఆగాలి. పైన లప్పం రుద్దే దుమ్ము కింది వంటింటి దాకా వస్తుంది, పెద్దవాళ్లకు ఆయాసం చేస్తుంది.

రెండో దారి, ఇల్లు మొత్తం పూర్తయ్యాకే ప్రవేశించడం. అయితే ఫాల్గుణం దాటితే చైత్రంలో చాలామంది పురోహితులు గృహప్రవేశ ముహూర్తాలు పెట్టరు, వైశాఖం వరకు ఆగవలసి రావచ్చు. దానికీ మౌఢ్యమి అడ్డం రాకూడదు. అందుకని ముహూర్తం గురించి మీరు అభిప్రాయం చెప్పకండి. "మీ పురోహితుల వారిని అడిగి చెప్పండి. ఏప్రిల్ 15 తర్వాత ఏ తేదీ పెట్టినా నావైపు నుంచి ఇబ్బంది లేదు" అనండి, చాలు.

అద్దె మాట ఇక్కడే రావాలి: "ఏ దారి ఎంచుకున్నా ఏప్రిల్ అద్దె నాది. చివరి బిల్లులో తగ్గించి రాస్తాను." ఈ మాటను మొదట్లోనే అంటే వాళ్లను శాంతపరచడానికి విసిరిన తాయిలంలా ఉంటుంది. పూర్తిగా చివరికి వదిలేస్తే మరిచిపోయే ప్రమాదం ఉంది.

వెంటనే నిర్ణయం అడగకండి. కొడుకుతో మాట్లాడాలి, పురోహితుణ్ని కలవాలి. "కింది అంతస్తు పనులను ముందుకు జరపాలంటే శనివారం లోపు తెలిస్తే చాలు" అని గడువు, దానికి కారణం చెప్పి లేవండి. "అబ్బాయితో మీరు మాట్లాడాక, ఆయనకు ఏవైనా సందేహాలుంటే ఉదయం పూట వీడియో కాల్‌లో నేనూ ఉంటాను" అని కూడా అనండి. దూరాన ఉన్న కొడుక్కు సైటు కనబడదు. తల్లిదండ్రులను కాంట్రాక్టరు మోసం చేస్తున్నాడేమోనన్న అనుమానం అతనికి సహజంగానే ఎక్కువ. ఆ అనుమానాన్ని తప్పుపట్టకుండా ఫోన్ కెమెరాలో పై గోడలను ఉన్నవి ఉన్నట్టు చూపండి.

"ఈ తేదీనైనా నమ్మొచ్చా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నూటికి నూరుపాళ్లు" అనకండి. ఒకసారి తప్పిన మాటకు ఒట్టు వేసినా విలువ పెరగదు. వాళ్లే స్వయంగా చూసి తేల్చుకోగల గుర్తులు ఇవ్వండి.

"రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి మాస్టారూ. ఫిబ్రవరి 11 సాయంత్రానికి పై గదుల్లో ప్లాస్టరింగ్ పూర్తిగా కనబడాలి. మార్చి 11కు గోడలు ఆరాయో లేదో మీ ముందే చూద్దాం." ఆరిందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. మూరెడు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించి, ఒక రాత్రి, పగలు ఉంచండి. విప్పినప్పుడు లోపలి వైపు నీటి ముత్యాలు కనిపించినా, గోడ ఆ మేర నల్లబడినా లప్పానికి ఇంకా వేళ కాలేదని అర్థం. బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ మీద, ఉత్తరం వైపు గోడ మీద తప్పకుండా పెట్టి చూడాలి, అవే అన్నిటికంటే ఆలస్యంగా ఆరతాయి.

మాస్టారు "తేలేదాకా నీ విడతలు ఆపేస్తాను" అనవచ్చు. వాదించకండి, తలూపి రాకండి కూడా. "ఫిబ్రవరి 11న ప్లాస్టరింగ్ మీరు చూశాకే ఆ విడత ఇవ్వండి. ముఠా కూలీ మాత్రం వారం వారం నేను ఇచ్చుకోవాలి, అది నా చేతి నుంచి ఇస్తాను. కానీ ప్లాస్టరింగ్ చూశాక కూడా ఆగితే పెయింటర్‌ను దింపలేను" అని చెప్పండి. అంటే జరిగిన పనికి డబ్బు ముడిపెట్టడానికి ఒప్పుకుంటున్నారు, మొత్తం ఆపడం వల్ల ఏమవుతుందో దాచడం లేదు.

ఇంత వివరమూ ఒప్పందం మీద ఇల్లు కట్టించుకునే కుటుంబానికి సంబంధించినది. మీరు అపార్ట్‌మెంట్ కట్టి అమ్ముతున్నవాళ్లయితే, రెరాలో నమోదైన పూర్తి తేదీ ఒకటి ఉంటుంది. ఆలస్యమైతే కొనుగోలుదారు డబ్బు వెనక్కి కోరే, లేదా ఫ్లాటు ఉంచుకుని వడ్డీ కోరే హక్కు 2016 నాటి చట్టంలోని 18వ సెక్షన్ ఇస్తుంది. అక్కడ నోటిమాటతో కొత్త తేదీ ఇచ్చే ముందు న్యాయవాదిని సంప్రదించండి. మాట తీరు మాత్రం ఇక్కడ చెప్పినట్టే ఉండవచ్చు.

ఆ సాయంత్రమే రాతలో

నోటితో చెప్పిన మాటను అదే రోజు సాయంత్రం రాసి పంపండి. బాధలో ఉన్న మనిషి విన్నదాంట్లో చాలా భాగం మరిచిపోతాడు, తేదీలు మరీను. పొడుగ్గా క్షమాపణలు వద్దు, ఇంత చాలు:

"మాస్టారికి నమస్కారం. ఈ రోజు మాట్లాడుకున్నవి: కింది అంతస్తు మార్చి 3కు సిద్ధం. పై అంతస్తుతో సహా ఇల్లు మొత్తం ఏప్రిల్ 15. ఫిబ్రవరి 11న ప్లాస్టరింగ్, మార్చి 11న గోడల తడి మీరు చూస్తారు. పై టైల్స్ ఫిబ్రవరి 10 లోపు మీరు ఖాయం చేస్తారు. ఏప్రిల్ అద్దె నేను భరిస్తాను. ముహూర్తం గురించి శనివారం లోపు చెబుతారు. ఇందులో ఏదైనా నేను తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి."

ఆ తర్వాత ప్రతి శనివారం పై గదుల ఫొటోలు రెండు మూడు, కింద ఒక వాక్యం పంపండి. పని జరగని వారం కూడా పంపాలి, ఆ వారమైతే మరీ తప్పకుండా. ఫొటో రాని శనివారం వాళ్లు సైటుకు వస్తారు, వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండరు.

ఫిబ్రవరి 11 నాటికి ఒక గది మిగిలిపోతే ఏం చేయాలి? ఆ సాయంత్రమే ఫోన్ చేయండి, మర్నాటికి వాయిదా వేయకండి. "మాస్టారూ, ఈ రోజుకు అవుతుందన్న ప్లాస్టరింగ్‌లో వెనుక గది మిగిలింది. ఎల్లుండికి అవుతుంది. ఏప్రిల్ 15 లెక్కలో నేను ముందే అదనంగా ఉంచుకున్న పదకొండు రోజుల్లో రెండు ఇక్కడ ఖర్చయ్యాయి, తొమ్మిది మిగిలాయి. ఏప్రిల్ 15 మారలేదు." అవి పూర్తిగా కరిగిపోయే సూచన కనిపిస్తే మాత్రం ఫోన్ కాదు, మళ్లీ ఇంటికే వెళ్లండి. అప్పటికి కొడుకు ఊరికి వచ్చి ఉంటే అతను కూడా ఉన్న వేళ చూసుకుని వెళ్లడం మంచిది.